చింతపండు జాడీలో తాళంచెవి

దొంగ బీరువా తెరిచి నగ తీసుకున్నాడు. బీరువాకు మళ్లీ తాళం వేశాడు. ఆ తాళంచెవిని వంటింట్లో చింతపండు జాడీలో, ఎక్కడిది అక్కడే దాచి, జాడీ మూతికి గుడ్డ కూడా కట్టిపోయాడు. ఇంత మర్యాద తెలిసిన దొంగ కేసముద్రంలో అంతకుముందు అడుగుపెట్టి ఉండడు. కానీ యశోదకు పన్నెండు రోజుల దాకా అది వింతగా తోచలేదు. ఆమె మనసంతా పోయిన గుండ్ల పేరు మీదే ఉంది. ఆరు తులాల బంగారు గుండ్ల దండ అది. తల్లి ఆఖరి రోజుల్లో దవాఖాన మంచం మీద తన మెడలోంచి తీసి బిడ్డ చేతిలో పెట్టింది.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, మార్కెట్ యార్డులో మక్కల బస్తాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. యశోద పెనిమిటి రాజేశంది కిరాణా హోల్‌సేల్ దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. రఘునాథపల్లిలో రాజేశం మేనత్త దశదినకర్మకని ఆలుమగలిద్దరూ పోయారు. అప్పుడే రైలు రోకో వచ్చి పడింది. ఒక్క రోజులో వద్దామనుకున్నవాళ్లు మూడు రోజులు అక్కడే ఉండిపోయి, చివరికి ఒక ఉల్లిగడ్డల లారీలో ఇల్లు చేరారు.

పెరటి తలుపుకు తాళం వేసినట్టే ఉంది. బీరువాలో మాత్రం గుండ్ల పేరు లేదు.

యశోద కూలబడి ఏడుస్తుంటే, కబురందిన గంటలోనే మానుకోట నుంచి తమ్ముడు వినయ్ బండి మీద వచ్చాడు. మానుకోటలో వాడిది సెల్‌ఫోన్ల దుకాణం. ఇంటి వ్యవహారాల్లో బావకు కుడిభుజం. అక్క పక్కన కూర్చోకముందే వాడు బావను పెరట్లోకి పిలిచాడు.

"బావా, ఇంటికి, దుకాణానికి కలిపి బీమా పాలసీ ఉన్నది గద. నగల లిస్టుల గుండ్ల పేరు ఉన్నది. కానీ తాళం పగలకుంటే కంపెనీ పైస ఇయ్యది."

"మరి పగల్లేదు గదరా."

"పగలకుంటే పగలగొడుదాం."

దుకాణంలోంచి పదికిలోల తూకంరాయి తెచ్చి, పెరటి తాళాన్ని నాలుగు దెబ్బలు కొట్టింది వాడే. రాజేశం వద్దనలేదు. యశోద గుమ్మంలో నిలబడి చూసింది, ఆమె కూడా వద్దనలేదు. ఆ తరువాతే పోలీసులకు చెప్పారు. 'గుర్తుతెలియని దొంగలు తాళం పగలగొట్టి' అని ఫిర్యాదు రాశారు. ఊరేగింపులకు బందోబస్తు కాసి అలిసిపోయిన పోలీసులు వచ్చి చూసి, ఎప్పుడూ అడిగేదే అడిగారు. ఇంట్లో పనిచేసేదెవరు?

పనిచేసేది యాకమ్మ. పదకొండేళ్లుగా ఈ ఇంటి అంట్లు, బట్టలు, వాకిలి ఆమెవే. తెల్లారకముందే వచ్చి పెరటి తాళం తీసుకుని పని మొదలుపెట్టేది. అందుకని ఒక చెవి ఎప్పుడూ ఆమె కొంగు ముడిలో ఉంటుంది. పోలీసులు ఆమెను రెండు రోజులు స్టేషన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు. మూడో రోజు వచ్చి మాట్లాడకుండా అంట్లు తోముకుంది. యశోద చాయ్ ఇస్తే తాగకుండా పక్కన పెట్టింది.

నష్టం సంగతి విచారించమని బీమా కంపెనీ పంపిన సర్వేయర్ భాస్కర్ దసరా వెళ్లాక వచ్చాడు. హనుమకొండ నుంచి రాస్తారోకోలు తప్పించుకుంటూ బండి మీద వచ్చేసరికి మనిషి ఎర్రదుమ్ములో పొర్లినట్టున్నాడు. రాజేశం ఎదురుపోయి చేతికి నీళ్లిచ్చాడు.

"సార్, మీరు క్లెయిమ్ చూడవచ్చిండ్రా, మిరపకాయల కళ్లంలకెళ్లి వచ్చిండ్రా?"

భాస్కర్ నవ్వి ముఖం కడుక్కున్నాడు. నవ్వాడు కదా, పని అయినట్టేనని రాజేశం అనుకున్నాడు.

భాస్కర్ తాళం అడిగాడు. పెరటి తలుపు అడిగాడు. గొళ్లెం పట్టుకుని ఊపి చూశాడు, చెక్క మీద వేలు పెట్టి రాశాడు. తరువాత సొట్టలు పడ్డ తాళంలో చెవి పెట్టి తిప్పాడు. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది.

"తాళం బాగానే పనిచేస్తున్నది సేటు."

"గట్టి తాళం సార్. అలీగఢ్‌ది."

"గట్టిదే. ఇన్ని దెబ్బలు తిన్నా తెరుచుకోలే. మరి దొంగ లోపలికి ఎట్ల వచ్చిండు?"

భాస్కర్ పెరట్లో అటూ ఇటూ నడిచి, బట్టలు ఉతికే బండ దగ్గర ఆగాడు. యాకమ్మ గిన్నెలు తోముతూ ఆ పక్కనే ఉంది. బండ అంచున పసుపుపచ్చని గీతలు. ఇత్తడి రాలిన గీతలు.

"తలుపుకు వేలాడుతున్న తాళాన్ని కొడితే గొళ్లెం మీద, చెక్క మీద దెబ్బలు పడాలె. ఇక్కడ ఒక్కటి లేదు. తాళాన్ని ఈ బండ మీద పెట్టి కొట్టిండ్రు."

యాకమ్మ తల ఎత్తలేదు. రోజూ ఆ బండను రుద్దే చెయ్యి ఆమెది. ఆ గీతలు ఆమె మొదటి రోజే చూసి ఉంటుందని యశోదకు అప్పుడు తట్టింది. చూసి కూడా స్టేషన్‌లో చెప్పలేదు.

భాస్కర్ పలకలాంటి అట్ట మీద కాగితం పెట్టుకుని అడిగాడు. "బీరువా చెవి ఎక్కడ ఉండె?"

"జాడీల. చింతపండు కింద. ఇప్పటికీ అండ్లనే ఉన్నది," అంది యశోద, ఒక్కటైనా సరిగ్గా చెప్పగలిగినందుకు స్థిమితపడుతూ.

"వచ్చి చూసినప్పుడు గుడ్డ కట్టే ఉన్నదా?"

"కట్టే ఉన్నది."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే యశోదకు అది వింతగా తోచింది. బయటి దొంగకు చింతపండు జాడీ ఎట్లా తెలుస్తుంది? తెలిసినా గుడ్డ ఎందుకు కడతాడు? పోపుగింజల్లో, బియ్యం డబ్బాలో తడిమిన ఆనవాలు కూడా లేదు.

రాజేశానికీ అర్థమైంది. కానీ అతడికి వేరే దారిలో అర్థమైంది.

"అంటే సార్, తెలిసినోళ్లే. ఇంకెవ్వలు? చెవి ఉన్నది యాకమ్మ దగ్గరనే. జాడీ సంగతి తెలిసింది యాకమ్మకే."

తోముతున్న గిన్నె చప్పుడు ఆగింది.

"అట్లయితే క్లెయిమ్ రాదు సేటు," అన్నాడు భాస్కర్. పాలసీ కాగితం తీసి చదివాడు. "ఇంట్లోవాళ్లు గానీ, పనివాళ్లు గానీ, మీ అనుమతితో ఇంట్లోకి వచ్చేవాళ్లు గానీ దొంగతనం చేసినా, చేయడానికి తోడ్పడినా ఈ పాలసీ వర్తించదు. చెవితో తీసిన తాళానికి కూడా వర్తించదు, ఆ చెవిని బెదిరించో కొట్టో గుంజుకుంటే తప్ప."

"అయితే యాకమ్మ కాదు," అన్నాడు రాజేశం వెంటనే. "పాపం, అది అసొంటిది కాదు."

ఇంకో రోజయితే యశోదకు నవ్వొచ్చేదే. మూడు నిమిషాల్లో ఒక మనిషి దొంగ అయింది, మళ్లీ మంచిదైంది. యాకమ్మ మాత్రం గిన్నె బోర్లించి, తడిచేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇదేం న్యాయం సార్?" రాజేశం గొంతు పెంచాడు. "ఎవ్వడు ఎత్కపోయినా నా సొమ్ము పోయింది పోయిందే గద. ఏండ్ల సంది కట్టుకుంట వస్తున్న."

"బయటి దొంగ తలుపు ఇరగ్గొట్టాలె, చప్పుడు అయితది, దొరికిపోతనని భయముంటది. కంపెనీ ఆ ముప్పును అంచనా కట్టి మీతోని ప్రీమియం తీసుకున్నది. చెవి మీరే ఇచ్చిన మనిషికి ఏ అడ్డమూ లేదు. ఎవల్ని నమ్మాలె అనేది మీ ఇష్టం, అండ్ల కంపెనీ చెయ్యి లేదు. ఇంకో మాట చెప్తున్న, ఏమనుకోకుండ్రి. ఇంట్లోవాళ్లు చేసినదానికి కూడా ఇస్తరని తెలిస్తే, అన్న దాస్తడు, తమ్ముడు తీస్తడు, ఇద్దరు కలిసి పంచుకుంటరు. బయట కూసున్న నేను ఎట్ల కనిపెట్టాలె?"

"మరి దుకాణంల గుమస్తా సొమ్ము తింటే?"

"దానికి వేరే పాలసీ ఉంటది. నౌకర్ల పేర్లు రాసి, ఇంతవరకే అని హద్దు పెట్టి ఇస్తరు. ఇంటి పనిమనుషులకు కొన్ని పాలసీలల్ల కొద్దిగా ఇస్తరు, దానికీ హద్దు ఉంటది. మీ దాంట్ల రెండూ లేవు."

రాజేశం గొంతు తగ్గించి అన్నాడు.

"సరే. కంపెనీ సంగతి అటు పెట్టుండ్రి. రేపు స్టేషన్‌ల యాకమ్మ పేరు రాసిస్త. పోలీసులు గట్టిగ అడిగితే గుండ్ల పేరైనా బయటికి రాదా?"

ఆ మాట వినగానే యాకమ్మ లేచింది. "సేటూ, రెండు రోజులు కూసోబెడితెనే మా సారయ్యకు అన్నం పెట్టేదిక్కు లేకుండె. మంచంల ఉన్న మనిషి. మూడోసారి పోతే నేను వస్తనో రానో." అంతే అంది. తాను తియ్యలేదని అనలేదు. పదకొండేళ్ల తరువాత ఆ మాట అనాల్సి రావడం ఆమెకు ఇష్టం లేనట్టుంది.

యశోద వంటింట్లోకి నడిచింది. తాళానికి వచ్చినవి మూడు చెవులు. ఒకటి తన దగ్గర, ఒకటి యాకమ్మ కొంగులో. మూడోది రఘునాథపల్లి పోయే పొద్దున తనే ఇచ్చింది, 'తమ్మీ, అప్పుడప్పుడు వచ్చి ఇల్లు చూసిపోరా' అని. జాడీకి గుడ్డ కట్టడం వాడికి చిన్నప్పుడే అలవాటు. అమ్మ ఇంట్లోనూ చెవి చింతపండు కిందే ఉండేది, గుడ్డ కట్టకపోతే అమ్మ చేతిలో దెబ్బలు పడేవి. ఇన్ని రోజులూ ఇది ఆమెకు తెలియక కాదు. తెలిసిన చోటికి చూపు పోనివ్వలేదు.

ఫోన్ చేసింది. వినయ్ ఎత్తాడు.

"తమ్మీ, గుండ్ల పేరు ఏడున్నది?"

అటువైపు దూరంగా డప్పుల చప్పుడు, ఎవరో నినాదాలిస్తున్నారు.

"అక్కా, కుదువ పెట్టిన. దుకాణం తెరవక నెల కావస్తున్నది, కిస్తీలోడు మీద కూసున్నడు," అన్నాడు చివరికి. "నీకేం తక్కువైతదే? కంపెనీ ఇస్తది గద. ఎవ్వల సొమ్ము పోలేదు. సమ్మె కాంగనే విడిపించి..."

"యాకమ్మను రెండు రోజులు స్టేషన్‌ల కూసోబెట్టిండ్రు."

"ఇడిచిపెట్టిండ్రు గదనే."

యశోద ఫోన్ పెట్టేసింది. వాడి గొంతులో దొంగ భయం లేదు. అక్క దగ్గర చారెడు బెల్లం తీసుకున్నవాడి ధీమా ఉంది. కంపెనీ ఇస్తదని తెలిస్తే ఇంట్లోవాళ్లే తీస్తారని భాస్కర్ పెరట్లో అన్నాడు, వీడు ఇంట్లో చేసి చూపించాడు.

బయటికి వచ్చి ఆమె గుమ్మంలో నిలబడింది. ఆ రోజు తూకంరాయి పైకి లేస్తుంటే ఊరకే నిలబడ్డ చోటు అదే.

"సార్, రాసుకోండ్రి. తాళం పగలగొట్టింది దొంగ కాదు, మా తమ్ముడు. మేమిద్దరం చూసుకుంట నిలవడ్డం. మూడో చెవి వానికిచ్చింది నేను. గుండ్ల పేరు తీసింది వాడే, ఇప్పుడే నోటితోని చెప్పిండు. యాకమ్మకు ఏ సంబంధం లేదు."

"యశోదా," అన్నాడు రాజేశం. జీవితంలో మొదటిసారి ఆ మనిషికి ఎకసెక్కం దొరకలేదు.

భాస్కర్ కలం ఆపాడు. "అమ్మా, ఇది రాస్తే గుండ్ల పేరు పైసలు రావు. అబద్ధం చెప్పి క్లెయిమ్ చేసినందుకు పాలసీయే రద్దు చెయ్యొచ్చు. నిర్ణయం కంపెనీది, నేను చూసింది, విన్నది రాసేటోణ్ని. మీ ఇద్దరు క్లెయిమ్ వాపసు తీసుకుంటున్నమని ఇయ్యాల్నే రాసిస్తే, ఆ కాగితం కూడా జత చేస్త. ఇంక స్టేషన్‌ల మీరే చెప్పుకోవాలె."

"చెప్తం."

రాజేశం సంతకం పెట్టడానికి చాలా సమయం తీసుకున్నాడు. పెట్టాడు. భాస్కర్ సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆటోలు తిరగడం లేదు. స్టేషన్‌కు నడిచే పోవాలి. యశోద చెప్పులు వేసుకుంటూ, "నువ్వు గూడ రా యాకమ్మా. నీ ముంగటనే చెప్త," అంది. తమ్ముడి మీద తానే కేసు పెట్టబోతున్నదన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టింది. అయినా రెండో చెప్పు కూడా వేసుకుంది.

యాకమ్మ కొంగు ముడి విప్పింది. చెవిని తీసి, బండ మీద ఆ ఇత్తడి గీతల పక్కన పెట్టింది.

"పని ఇడిచిపెడుతున్నవా?"

"పని ఇడిచిపెడితే ఇల్లెట్ల గడుస్తది యశోదమ్మా. రేపటి సంది వచ్చి వాకిట్ల నిలవడి పిలుస్త. తలుపు నువ్వే తియ్యి."

యశోద ఆ చెవి తీసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు. ఇద్దరూ పెరటి దారిన బయటికి నడిచారు. రాజేశం తలుపు దగ్గరికి వచ్చి, వేయడానికి తాళం కోసం చూసుకున్నాడు. అది సాక్ష్యంగా భాస్కర్ సంచిలో, సంతకాలు చేసిన కాగితాల కింద ఉంది.