ముందు గీయించుకోండి

తిరుపతిలో తులసీరాం కొత్తగా తెరిచిన నగల అంగడికి బోణీ కాలేదు. ఎదురంగడి బోర్డు, ‘దీపావళికి తరుగు సగమే, నేటితో సరి’ అని తొందరపెడుతోంది. తులసీరాం మాత్రం, ‘తరుగు సగమే, పండగ నెలంతా. నగను వేరేచోట గీటురాయి మీద గీయించుకోండి, నమ్మకం కుదిరితేనే డబ్బు’ అని రాయించాడు.

బేరానికొచ్చి అది చదివించుకున్న గంగులమ్మ, అంగట్లోని ఒకే ఒక్క పెద్ద గొలుసు తీసుకుని, గీయించుకొస్తానని ఎదురంగడికి నడిచింది.

“ఆ గొలుసు ఇంక రాదు సామీ,” అన్నాడు అంగట్లో పనిచేసే కంసాలి ఎల్లప్ప. “బోర్డు మాత్రం బాగుండాది.”

తులసీరాం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె మరో ఇద్దరు ఆడవాళ్లతో తిరిగొచ్చింది.

“నువ్వు సెప్పిన బంగారే అన్నాడబ్బా ఆ ఎదురంగడాయన. ఆయన అంగట్లో గొలుసు గూడా గీసి సూపించమంటే, రాయి లోపల పెట్టేసినాడు. వీళ్లక్కూడా సూపించు.”