ఆస్తుల్లో మరిది

రేపు పదింటికి ఆర్థిక సలహాదారును మొదటిసారి కలవాలి. ఆస్తులు, అప్పులు, లక్ష్యాలు, నెలవారీ రాబడి, ఖర్చులు ఒక్క పేజీలో ముందుగా మెయిల్ చేయమన్నారు. మా ఆయన రాసింది చదవగానే నాకు ఒళ్లు మండింది. ఆస్తుల్లో ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ తర్వాత 'తమ్ముడి దగ్గర మూడు లక్షలు' అని ఉంది.

"ఇదొక ఆస్తా? నాలుగేళ్లయింది, మీ తమ్ముడు ఒక్క పైసా ఇచ్చాడా?"

"ఇస్తానన్నాడుగా."

"ఆ మాట చూపించి పిల్ల కాలేజీ ఫీజు కడతారా? తీసేయండి ముందు."

గొణుక్కుంటూ తీసేశారు. లక్ష్యాల్లో పిల్ల చదువొక్కటే ఉంచాం. ఇక నెల లెక్క. ఇద్దరి జీతాలు లక్షా పదివేలు. ఇంటి లోను వాయిదా ముప్పై ఎనిమిది వేలు, మిగతా ఖర్చులన్నీ కలిపి యాభై ఏడు వేలు.

"అంటే నెలకి పదిహేను వేలు మిగలాలి. మిగిలేది మూడు వేలేగా? పన్నెండు వేలు ఏమవుతున్నట్టు? నీ ఖాతా స్టేట్‌మెంట్ తియ్యి."

కిందటేడు మా చెల్లి కోసం నా పేరు మీద పర్సనల్ లోను తీసుకున్నాను. వాయిదాలు తనే కడతానంది. మొదటి నెల తప్ప అన్నీ నేనే కడుతున్నాను.

"అప్పుల్లో ఇంకో లైను వేయండి," అంటూ మొత్తం చెప్పేశాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కీబోర్డు మీద వేళ్లు పెట్టి, నా వంక చూడకుండానే అడిగారు.

"మీ చెల్లి ఇస్తానందిగా. ఆస్తుల్లో వేయనా?"