ముప్పై అయిదేళ్ళ వరకు

చిట్టి ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పనిచేసేది. ఏ ఉద్యోగానికి నోటిఫికేషన్ పడినా, ఆ బండెడు పేజీలూ చదివి ఒక్క కాగితంలో సారం రాయడం ఆమె పని. అర్హత, వయసు, పరీక్ష దశలు, సిలబస్, ముఖ్యమైన తేదీలు. ఆ కాగితం నోటీసు బోర్డుకెక్కేది, విద్యార్థుల ఫోన్లలోకి వెళ్ళేది. అసలుది తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు గనక ఆమె రాసిందే వాళ్ళకు శాసనం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆమె అన్నయ్య పోయాడు. లారీల షెడ్డులో మెకానిక్. బండి కింద పడుకుని పానా తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. అతను పనిలోనే ఉన్నాడనుకుని పక్కవాళ్ళు చాలాసేపు పలకరించలేదు.

వదిన ఏడవలేదు. అంటే, అందరూ చూస్తుండగా ఏడవలేదు. ఒంటరిగా ఏడ్చిందో లేదో చిట్టికి తెలియదు. పొద్దున లేవడం, స్టవ్ వెలిగించడం, బట్టలు ఆరేయడం, అత్తగారికి మాత్రలు ఇవ్వడం, అన్నీ జరిగిపోయేవి. పిలిస్తే పలికేది. పెడితే తినేది. ఆకలి వేస్తోందా అని అడిగితే కాసేపు ఆలోచించి, తెలీడం లేదు అనేది.

ఏప్రిల్‌లో ప్రభుత్వ కార్యాలయాల్లో జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. చిట్టి ఇంట్లో కూర్చుని సారం రాస్తుంటే వదిన మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"డిగ్రీ చాలా?" అని అడిగింది.

చాలు, దరఖాస్తు చివరి తేదీ నాటికి పాసై ఉండాలి, అంది చిట్టి. వదిన ఎప్పుడో పాసైంది. పెళ్ళికి ముందు ఇలాంటి పరీక్షలు రెండు రాసింది కూడా.

"వయసు?"

చిట్టి కాగితం వైపు చూసింది. జనవరి ఒకటి నాటికి పద్దెనిమిది నిండి, ముప్పై దాటకూడదు. వదినకు ముప్పై మూడు. ఆ మాట చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ సడలింపుల పట్టికలో ఒక వరుస ఉందని ఆమెకు తెలుసు. సెంటర్‌లో అందరూ కుర్రకారే గనక ఆ వరుసను ఎప్పుడూ ఒక్క ముక్కలో దాటించేసేది. రేపు చెబుతాను వదినా, అని తప్పించుకుంది.

మర్నాడు సెంటర్‌లో ఆ వరుస మళ్ళీ చదివింది. భర్త మరణించి, తిరిగి వివాహం చేసుకోని స్త్రీలకు ముప్పై అయిదేళ్ళ వరకు. లెక్కల మాస్టారికి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు.

"వయసు చూసేది జనవరి ఒకటికి కదమ్మా. ఆ రోజుకి మీ అన్నయ్య ఉన్నాడుగా," అన్నారు మెల్లగా. తర్వాత, నా మాట పట్టుకోకు, పూర్తిగా చదువు, వయసుకో తేదీ, కేటగిరీకో తేదీ పెడుతుంటారు, అన్నారు.

చిట్టి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి దొరికింది. సడలింపు కోరేవారి హోదాను దరఖాస్తుల చివరి తేదీ నాటికి పరిగణిస్తారు. అయినా నమ్మకం కుదరక సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతలి మనిషి అదే పేరా చదివి వినిపించి, చివరి తేదీ మే పది, ఆ లోపు భర్త మరణించి ఉంటే అర్హులేనండీ, అన్నాడు. చిట్టి అతనికి థ్యాంక్స్ చెప్పింది. ఫోన్ పెట్టేశాక తను దేనికి థ్యాంక్స్ చెప్పిందో తట్టింది.

సాయంత్రం వదిన కోసం వేరే కాగితం రాసింది. ఇందులో ఏ ముక్కా మింగలేదు. మొదటి దశ ప్రిలిమ్స్: గంటలో వంద ప్రశ్నలు, రీజనింగ్, అంకగణితం, భాష, జనరల్ నాలెడ్జ్, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, ఇది వడపోతకే, ఈ మార్కులు తుది జాబితాలో కలపరు. రెండోది మెయిన్స్: అవే సబ్జెక్టులు ఇంకొంచెం లోతుగా, పైగా వ్యాసం, ఉత్తరం రాయాలి. ర్యాంకు దీన్నిబట్టే. ఆ తర్వాత టైపింగ్ పరీక్ష, అందులో గట్టెక్కితే చాలు. చివరికి సర్టిఫికెట్ల పరిశీలన. ఇంటర్వ్యూ లేదు. దరఖాస్తుకు మే పది, ఫీజుకు పదకొండు, తప్పులు దిద్దుకోవడానికి ఆ మరుసటి వారం. ప్రిలిమ్స్ జులైలో, మెయిన్స్ అక్టోబర్‌లో.

వయసు దగ్గర ఆ వరుస ఉన్నది ఉన్నట్టు రాసింది.

వదిన వంటగది గడప మీద కూర్చుని చదివింది. ఆ వరుస దగ్గర వేలు ఆగింది. చిట్టి ఏదో ఒకటి అనాలని, నేను రాసింది కాదు వదినా, వాళ్ళ మాటే అది, అంది.

"వాళ్ళ తప్పేముంది. ఉన్నదే కదా రాశారు," అంది వదిన. కాసేపటికి, "జనవరిలో అయితే నేను పనికిరాను. ఇప్పుడు పనికొస్తాను. అంతేనా?"

అంతే, అంది చిట్టి.

దరఖాస్తుతో పాటు మరణ ధ్రువపత్రం జతచేయాలి. అది ఇంట్లో లేదు. వాడి పేరున అలాంటి కాగితం నా గుమ్మం తొక్కకూడదని అమ్మ పట్టుబట్టడంతో ఎవరూ తెచ్చే పని పెట్టుకోలేదు. చిట్టి నసుగుతూ విషయం చెప్పింది. అమ్మ గోడకేసి తిరిగి పడుకుంది. ఇక లాభం లేదనుకున్నారు. తెల్లారేసరికి కొడుకు గుర్తింపు కార్డు, ఆసుపత్రి వాళ్ళిచ్చిన చీటీ కోడలి మంచం మీద ఉన్నాయి. ఆ రోజు మాత్రలు అమ్మ తనే వేసుకుంది.

మునిసిపల్ ఆఫీసు హాల్లో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు. పుట్టినవాళ్ళకూ పోయినవాళ్ళకూ ఒకటే కిటికీ. ముందున్న దంపతులు పసిబిడ్డ పేరు స్పెల్లింగ్ గురించి గొణుక్కుంటున్నారు. వదిన వంతు రాగానే గుమాస్తా కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి, పేరులో తప్పులుంటే ఇప్పుడే చెప్పమ్మా, తర్వాత తిరగలేరు, అన్నాడు. ఆమె ఒక్కో అక్షరం చదివింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుంది. చెప్పింది. అతను దిద్దాడు. మరణించిన తేదీ కూడా సరిచూసుకోమన్నాడు.

"అది సరిగ్గానే ఉంది," అంది వదిన.

దరఖాస్తు సెంటర్‌లోనే నింపారు. వైవాహిక స్థితి అన్నచోట నొక్కితే నాలుగు మాటలు కిందికి జారాయి. చిట్టి మౌస్ మీద చెయ్యి వేయబోయి ఆగింది. వదినే నొక్కింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదన్న ప్రకటన ముందు గడిలో టిక్కు పెట్టింది. ఫొటో సైజు ఎక్కువైందని వెబ్‌సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. మూడోసారి తీసుకుంది.

ఆ రోజు నుంచి ఇంటి పని అయ్యాక చదువుకునేది. ఇష్టంగానా అంటే కాదు, కష్టంగానా అంటే అదీ కాదు. లెక్కల మాస్టారు వెనక బెంచీలో చోటిచ్చారు. ఆమె ప్రశ్నలు అడగదు, చెప్పింది చేసి చూపిస్తుంది, అని ఆయన చిట్టితో అన్నారు. లాభనష్టాలు బాగా చేస్తోందట. ఒకసారి పని-కాలం లెక్కలో ఇద్దరు మనుషుల్లో ఒకడు మధ్యలో పని మానేస్తే మిగిలింది రెండోవాడు ఎన్నాళ్ళలో చేస్తాడని వచ్చింది. వదిన ఆ ఒక్కటి వదిలేసి తర్వాతదానికి పోయింది. మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

జులైలో రాసింది. ఆగస్టు చివర ఫలితాలొచ్చాయి. జాబితాలో ఆమె నంబరు ఉంది. చిట్టి సెంటర్ నుంచి ఫోన్ చేయకుండా ఇంటికే వచ్చి చూపించింది, చూపిస్తూనే ఏడ్చేసింది. అమ్మ ఏమిటేమిటని లేచి కూర్చుంది. వదిన ఫోన్ అందుకుని నంబరు తన హాల్ టికెట్‌తో పోల్చుకుంది. ఊరుకో చిట్టీ, మెయిన్స్ ఇంకా ఉందిగా, అంది. ఆ తర్వాత, సంతోషం వస్తుందేమోనని చూస్తున్నట్టు, కిటికీ దగ్గర కాసేపు కూర్చుంది.

చిట్టి పక్కన చేరి, ఎలా ఉంది వదినా, అని అడిగింది.

"ఏమీ లేదు," అంది వదిన. ఇంకాస్త ఆలోచించింది. "ఆకలేస్తోంది."

చిట్టి అన్నం గిన్నె తెచ్చింది. వదిన కంచం కూడా తీసుకోకుండా గిన్నెలోనే కలుపుకుని, తలెత్తకుండా, మొత్తం తినేసింది.