మూడో రోజు పాఠం

మొదటి రోజు జుట్టు ముడి, గోళ్లు, యూనిఫాం. రెండో రోజు నమస్కారం, గది తలుపు తట్టే పద్ధతి, అతిథి కోప్పడితే మాట్లాడే తీరు. మూడో రోజు మంటలు, మెట్లు. సింగరాయకొండ దగ్గర హైవే మీదున్న ఆ హోటల్లో గదుల సూపర్‌వైజరు రెబ్కా. కొత్తవాళ్లకు ఆరేళ్లుగా ఇదే వరసలో శిక్షణ ఇస్తూ వచ్చింది. ప్రమాదం మూడో రోజుదాకా ఆగుతుందని ఎవరు చెప్పారో ఏమో!

శుక్రవారం ఆరుగురు చేరుతున్నారు, శిక్షణ ప్లాను కొత్తగా రాయమన్నాడు మేనేజరు శివనాగరాజు. కాగితం ముందు పెట్టుకున్నదే గానీ ఆమెకు ఆరాధన ముఖం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

దర్శి పిల్ల, పోయిన నెలే చేరింది. మిరపకోతల నుంచి నేరుగా ఉద్యోగానికి వచ్చింది. మొదటి రోజు ముడి జారిపోతుంటే రెబ్కా గంటసేపు పక్కన కూర్చుని పిన్నులు పెట్టించింది. రెండో రోజు మధ్యాహ్నం లాండ్రీలో మంట లేచింది. అలారం మోగగానే అందరూ మెట్ల మీదుగా దిగి పార్కింగులో చేరారు. రెబ్కా డ్యూటీ చార్టు పట్టుకుని లెక్కపెట్టింది. పదకొండు పేర్లు, పదకొండు మంది. "మావాళ్లంతా బయటే ఉన్నారండీ" అని ఫైరువాళ్లకు తనే చెప్పింది. శిక్షణ పూర్తయ్యేదాకా కొత్తవాళ్ల పేరు చార్టులోకి ఎక్కదు. అదొక దిక్కుమాలిన ఆనవాయితీ! ఆరాధన లిఫ్టెక్కింది. ఎక్కకూడదని ఎవరు చెప్పారు గనక? కరెంటు పోయి అది మధ్యలో ఆగింది, పొగ నిండింది. పిల్ల కనబడటం లేదని రెబ్కాకు తట్టేసరికి ఇరవై నిమిషాలు దాటాయి. లిఫ్టు తెరిచేసరికి ప్రాణం లేదు.

కన్నీళ్లు తుడుచుకుని రాసింది. గేటు దగ్గరే చార్టులో పేరు. మొదటి గంటలో రెండు మెట్లదారులూ నడిచి చూడటం, అలారం అద్దం పగలగొట్టే చోటు, లిఫ్టు ముట్టుకోకపోవడం, పార్కింగులో నిలబడే స్థలం. ఆ తర్వాతే ముడులూ నమస్కారాలూ.

"ఏంటమ్మా ఇది? శనివారం పెళ్లి బుకింగులున్నాయి. ముందు యూనిఫాం వేసి పైకి పంపాలి గదా!" అన్నాడు శివనాగరాజు.

"మెట్లు చూపించకుండా ఒక్కర్ని కూడా పంపనండీ."

కాసేపు గొణిగి సంతకం పెట్టాడు. "ఆ పిల్ల సంగతి మాత్రం ఎత్తకు. ఎత్తావని ఓనరుగారి చెవిన పడిందంటే నీ ఉద్యోగం ఉండదు."

ఇద్దరు పిల్లల చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది. రెబ్కా తలూపింది.

శుక్రవారం మెట్లన్నీ దిగి పార్కింగులో నిలబడ్డాక, కొత్తగా చేరిన నజ్మీన్ అడిగింది. "మేడమ్, చార్టులో పేరు లేకపోతే ఏమవుద్దండీ?"

శివనాగరాజు అక్కడే ఉన్నాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. రెబ్కా చూసింది. నజ్మీన్ వైపు తిరిగింది.

"ఎవరూ వెతకరమ్మా" అంది. "ఆరాధన అని ఒక పిల్ల ఉండేది. లెక్క సరిపోయిందని నేను వెతకలేదు."