రానిదాన్ని చూసినవాళ్లు

“ఇంకాస్త ముందే తీసుకురావాల్సిందమ్మా,” అన్నాడు మాటల డాక్టరు.

అన్నవాడు అక్కడితో ఊరుకోలేదు. తల ఒక పక్కకి వాల్చి, పాపం ఏమీ తెలియని తల్లి అన్నట్టు జాలిగా చూశాడు. ఆ జాలి చూసేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిడితే పడేది, తప్పు తనదే అంటే ఒప్పుకునేది. జాలిపడే హక్కు మాత్రం ఈ గదిలో ఆయనకు లేదు.

పక్కనే కూర్చున్న భర్త అలవాటుగా తలూపాడు. ఎవరు ఏం చెప్పినా తలూపడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. గది మూలన చాపమీద మూడేళ్ల చిన్నోడు చెక్క దిమ్మలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటున్నాడు. తన వెనకాల ఇంత జరుగుతున్నా వాడు తల తిప్పలేదు. ఎందుకు తిప్పడం లేదో అంతకు కాసేపటి ముందే తేలింది.

పక్క గదిలో పరీక్ష చేశారు. చెవిలో మెత్తటి బుడిపె పెట్టి కాస్త గాలి వదిలితే తెరమీద ఒక గీత గుట్టలా లేవాలట. చిన్నోడికి రెండు చెవుల్లోనూ గీత నేలబారుగా పడుకుంది. కర్ణభేరి వెనక నీరు చేరింది. చెవుల్లో వేళ్లు దోపుకుంటే మనకెలా వినిపిస్తుందో, పిల్లాడికి లోకం అలా వినిపిస్తోంది. ఎప్పటినుంచో చెప్పలేరు. నెలల తరబడే అయ్యుంటుంది. నయమయ్యేదే, చెవి డాక్టరుకి చూపించాలి, అవసరమైతే చిన్న గొట్టం వేసి నీరు తీస్తారు. కాకపోతే మాటలు నేర్చుకునే వయసు ఎవరికోసమూ ఆగదు. వీడితోపాటే పుట్టిన పెద్దోడు వాక్యాలు కడుతుంటే వీడు ఇంకా వేలితో చూపిస్తున్నాడు.

“ముందే అంటే ఎప్పుడు డాక్టరుగారూ?” అందామె.

“అంటే... మాట రావట్లేదని అనుమానం వచ్చినప్పుడే.”

“అప్పుడే అడిగాం. మిమ్మల్నే అడిగాం.”

డాక్టరు కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆయనకు గుర్తులేదు. ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది.

ఎండలు మొదలవుతున్న రోజులవి. ఈ క్లినిక్‌లో నేరుగా చూపించుకోవాలంటే నెలల తరబడి వరుస. అందుకని ముందు ఫోన్లో వీడియో పంపమనేవారు. పిల్లలు ఆడుకుంటుండగా వెనకనుంచి పేరు పెట్టి పిలవాలి, ఏదైనా తెమ్మని అడగాలి, అది తీసి పంపితే రావాలో అక్కర్లేదో డాక్టరే చెబుతాడు. కవలలు కాబట్టి రెండు వీడియోలు. ఆమె కళ్లద్దాల కొట్టులో పని ముగించుకొచ్చి వంటపనిలో మునిగిపోతే, భర్త ఆమె ఫోనే తీసుకుని ఇద్దరినీ తీశాడు. ఆమె పంపింది. పెద్దోడి గురించి జవాబు వెంటనే వచ్చింది: చెప్పింది అర్థం చేసుకుంటున్నాడు, మాట కాస్త ఆలస్యం, అంతే, ఆడిస్తూ మాట్లాడండి. గుండెల మీదనుంచి సగం బరువు దిగింది. మిగతా సగం కోసం, “మరి రెండోవాడు?” అని రాసింది.

“రెండోవాడూ అంతే. కవలల్లో ఇది మామూలే. కంగారుపడకండి.”

ఆ మూడు ముక్కలూ ఆ ఇంట్లో శాసనమైపోయాయి. ఆమె వాడి వెనక పళ్లెం పడేసి చూసి, వాడు ఉలిక్కిపడలేదేమని అడిగితే, “డాక్టరు చూసి చెప్పాడుగా, ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసా,” అన్నాడు భర్త. పెద్దోడు గలగలా మొదలెట్టాక మళ్లీ అడిగితే, “వాడు మొండి, వాళ్ల తాతలాగా,” అంది అత్తగారు. పిలిస్తే పలకని పిల్లాడికి మొండివాడని పేరు పడింది. రెండు దెబ్బలు కూడా పడ్డాయి. ఆ దెబ్బల్లో ఒకటి ఆమెదే. చివరికి ఎవరితోనూ చెప్పకుండా వరుసలో పేరు రాయించి, ఈరోజు పెద్దోణ్ని అత్తగారికి అప్పగించి, మొగుణ్ని లాక్కొచ్చింది.

ఫోను తీసి డాక్టరు ముందు బల్లమీద పెట్టింది. “చూడండి. ఇది మీ జవాబేగా.”

డాక్టరు చదువుకున్నాడు. మొహంలో రంగు మారింది. తన ఫోను తీసి ఏదో వెతికాడు. వెతికి, ఊపిరి పీల్చుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. మనిషికి ఎక్కడో ఊతం దొరికినట్టుంది.

“నాకు ఒక్క వీడియోనే వచ్చిందమ్మా. ఇదిగో.”

నిజమే. ఆయన ఫోన్లో ఒకే వీడియో ఉంది. దాని కింద ఆయన జవాబు, ఆ కింద “మరి రెండోవాడు?” అన్న ప్రశ్న. మధ్యలో ఏమీ లేదు. ఆమె ఫోన్లో మాత్రం రెండు వీడియోలు పక్కపక్కనే ఉన్నాయి. రెండోదాని బొమ్మ మీద మసగ్గా ఒక బాణం గుర్తు. పైకి వెళ్లలేదు, మళ్లీ పంపాలంటే నొక్కు అని దాని అర్థం. ఏ సిగ్నల్ లేకో బరువైన వీడియో దారిలోనే ఆగిపోయింది. తర్వాత రాసిన ఆ చిన్న మాట తేలిగ్గా దాటిపోయింది. తన ఫోన్లో కనిపిస్తోంది కాబట్టి వెళ్లిందనే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

“చూశారా, మీది వెళ్లనేలేదు,” అన్నాడు డాక్టరు. గొంతులోకి మళ్లీ జాలి వచ్చేసింది.

భర్త తలూపాడు. “అదీ సంగతి. మనమే చూసుకోవాల్సింది.”

“మీరుండండి,” అందామె. తర్వాత డాక్టరువైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు, ఆయన ముందు ఏడవడం ఆమెకు చచ్చినా ఇష్టం లేదు. “నాది వెళ్లలేదు. సరే. మరి మీరేం చూసి చెప్పారు?”

డాక్టరు తన ఫోను తెరని పైకీ కిందికీ జరిపాడు.

“రెండోవాడూ అంతే అన్నారు. ఏ రెండోవాడు? ఎక్కడ చూశారు వాణ్ని?”

“ఆరోజు చాలా మెసేజులు ఉండుంటాయమ్మా. కవలలు కదా, ఒకడు బాగానే ఉన్నాడు కాబట్టి...” డాక్టరు నీళ్లు నమిలాడు.

“నేను కళ్లద్దాల కొట్టులో పనిచేస్తానండీ. ఒక కన్ను చూసి రెండు కళ్లకీ అద్దాలిస్తే మా ఓనరు నన్ను మెడపట్టి గెంటేస్తాడు. అవి ఒకే మొహంమీద ఉన్న కళ్లు. ఇక్కడ ఇద్దరు పిల్లలు.” ఆమె వేలితో ఆయన ఫోన్ని చూపించింది. “రెండోది రాలేదు, మళ్లీ పంపండి. ఇంతే కదా రాయాల్సింది. అబద్ధం రాయడానికి పట్టినంత సేపు కూడా పట్టదు. ‘చూడలేదు’ అన్నా నాకు చాలేది. అప్పుడే వచ్చి మీ గుమ్మంలో కూర్చునేదాన్ని. చూశానన్నారు కాబట్టే ఇంట్లో కూర్చున్నాను. చూశానన్నారు కాబట్టే వీడు మొండివాడయ్యాడు.”

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి మొహంలో జాలి లేదు.

“తప్పేనమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “వీడియో వచ్చినా రాకపోయినా, మాట ఆలస్యమంటే ముందు చెవుల పరీక్ష చేయించమని రాయాలి. పెద్దబాబుకీ రాయాల్సింది. రాయలేదు.” ఆమె ఫోను వైపు చూపిస్తూ అన్నాడు, “ఆ వీడియో ఒకసారి చూపిస్తారా? అప్పటికే ఇలా ఉన్నాడేమో తెలుస్తుంది. చెవి డాక్టరుకి రాసేటప్పుడు పనికొస్తుంది.”

“ఇప్పుడెందుకండీ అదంతా,” అన్నాడు భర్త చటుక్కున. “అయిపోయిందేదో అయిపోయింది. రాసిచ్చేయండి, వెళ్తాం.”

ఆ తొందర ఆమెకు వింతగా తోచింది. అయినా బొమ్మ మీద నొక్కింది.

చిన్నోడి చారల చొక్కా. గుమ్మం దగ్గర పిల్లాడు అటు తిరిగి కారు బొమ్మతో ఆడుతున్నాడు. వెనకనుంచి భర్త గొంతు వాడి పేరు పిలిచింది. ఒక్క పిలుపుకే పిల్లాడు గిరుక్కున తిరిగి, “ఆఁ” అని నవ్వాడు.

డాక్టరు అయోమయంగా చూశాడు. “బాగానే విన్నాడే.”

ఆమె వీడియోని మళ్లీ మొదటికి జరిపింది. పిల్లాడు తిరగకముందు తల వెనకభాగం కనిపిస్తుంది. నెత్తిమీద సుడి ఎడమపక్కకి ఉంది. రోజూ తల దువ్వే చేతులు ఆమెవి. ఎడమ సుడి పెద్దోడిది. చిన్నోడిది కుడిపక్కకి ఉంటుంది.

భర్త నేలచూపులు చూస్తున్నాడు.

“చెప్పండి,” అంది.

“ఎంత పిలిచినా వాడు తిరగలేదు.” తల ఎత్తకుండానే అన్నాడు. “పదిసార్లు పిలిచాను. నువ్వేమో తీశారా తీశారా అని వంటింట్లోంచి కేకలు. పెద్దోడికే ఆ చొక్కా తొడిగి తీసేశాను. ఏముందిలే, ఇద్దరూ ఒకటేగా అనుకున్నా.”

చాపమీద చిన్నోడు దిమ్మ మీద దిమ్మ పెడుతున్నాడు.

పిలిస్తే తిరగలేదని ఈయనకు ఆరోజే తెలుసు. తెలిసి కూడా డాక్టరు చెప్పాడుగా అని ఇన్ని నెలలు ఆమె నోరు నొక్కాడు. ఆమెకు ఆయన్ని అక్కడే చెంపమీద కొట్టాలనిపించింది. ఇంకో సంగతి అంతకంటే మండింది. ఆరోజు పెద్దోడి వీడియో ఆమె మొత్తం చూసి మురిసిపోయింది. రెండోది తెరవకుండానే పంపింది. తెరిచి ఉంటే ఆ సుడి అప్పుడే కనిపించేది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “అయితే అమ్మా, ఒకవేళ వీడియో వచ్చి ఉన్నా నేను...”

“ఆ మాట అనకండి,” అందామె. “వచ్చి ఉంటే మీరు మోసపోయినట్టు. రాలేదు కాబట్టి మీరే మోసం చేసినట్టు. ఆయన చేసింది ఆయనది. మీది మీ దగ్గరే ఉంచుకోండి.”

భర్త లేచి చిన్నోణ్ని ఎత్తుకోబోయాడు.

“ముట్టుకోకండి. కూర్చోండి.”

ఆయన కూర్చున్నాడు. ఆమె ఫోను పట్టుకుని చాప దగ్గరికి వెళ్లి, వాడి వెనక నిలబడి, వీడియో తీయడం మొదలెట్టింది. తెరమీద కుడిపక్క సుడి, చిన్న మెడ, దిమ్మల మేడ. పేరు పిలిచింది. వాడు తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. తిరగలేదు. గది బయటికి వినిపించేలా పిలిచింది. బయట కూర్చున్న ఎవరి పిల్లలో తలుపులోంచి తొంగిచూశారు. చిన్నోడు మాత్రం నాలుక కాస్త బయటపెట్టి, మేడ పడిపోకుండా పైదిమ్మ సర్దుతున్నాడు. ఆమె వీడియో ఆపలేదు. పిలుస్తూనే ఉంది. చివరికి చుట్టూ తిరిగి వాడి ఎదురుగా వచ్చి మోకాళ్లమీద కూర్చుంటే, అమ్మ మొహం చూసి వాడు రెండు చేతులూ చాచాడు.

వాణ్ని చంకనెత్తుకుని, డాక్టరుకి వీడియో పంపింది. గుండ్రటి గీత మెల్లగా తిరిగింది. అది నిండేదాకా, పక్కన గుర్తు పడేదాకా తెరమీదనుంచి కన్ను తిప్పలేదు.

“వచ్చిందా?”

“వచ్చిందమ్మా.”

“తెరవండి.” భర్తవైపు చూసింది. “మీరూ లేచి అటు వెళ్లండి. మొదటినుంచి చివరిదాకా ఇద్దరూ చూడండి.”

డాక్టరు వీడియో నొక్కాడు. భర్త ఆయన కుర్చీ వెనకాల నిలబడ్డాడు. ఆమె గొంతు ఆ చిన్న ఫోన్లోంచి పిల్లాడి పేరు పిలవడం మొదలుపెట్టింది. చంకలో ఉన్న పిల్లాడు ఆమె చెవి పోగుతో ఆడుకుంటున్నాడు. భర్త మధ్యలో కళ్లు పక్కకి తిప్పుకోబోయాడు.

“ఇంకా అవలేదు,” అందామె.