బ్యానర్లో ఉన్నవాళ్ళు

ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే ఆమెను అందరూ రంగులక్క అని పిలిచేవాళ్ళు. పెళ్ళి బ్యానరైనా, కొత్త దుకాణం బ్యానరైనా ఆమె చెయ్యి పడితే కళ వస్తుందని పేరు. ఈమధ్య చేత్తో గీసే పని తగ్గింది. ఏం కావాలో మాటల్లో రాసిస్తే ఏఐ బొమ్మ గీసి ఇస్తుంది. ఆ రాసిచ్చే మాటల్ని ప్రాంప్ట్ అంటారు. అది రాయడంలోనూ రంగులక్కదే పైచెయ్యి.

ఎండలు ముదురుతుండగా ఇళ్ళమీద సోలార్ ప్యానెళ్ళు బిగించే ఆయన తన పనికి బ్యానర్ కావాలని వచ్చాడు. మెడ వెనక చర్మం కమిలిపోయి, ఎప్పుడూ ఎవరి డాబామీదనుంచో దిగొచ్చినట్టుండే మనిషి. సోలారాయన అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు.

ఆమె మొదట తేలిగ్గానే రాసింది: వరసగా డాబాలు, మబ్బులేని ఆకాశం, తృప్తిగా నవ్వుతున్న కుటుంబం. వచ్చిన బొమ్మ చూసి సోలారాయన పగలబడి నవ్వాడు.

"అక్కా, ప్యానెళ్ళు నీళ్ళ ట్యాంకు నీడలో పడుకున్నాయి చూడు! ఒక్క మూల నీడ పడినా కరెంటు తగ్గిపోద్ది. పైగా ఆ పిల్లకి ఆరు వేళ్ళు."

నీడ తీసేసింది, వేలు తీసేసింది, ప్యానెళ్ళను వాలుగా ఎండకి ఎదురుగా పెట్టించింది. పని జరుగుతుండగా ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు.

"చాలామందికి తెలీదక్కా, బ్యాటరీ లేకుండా పెట్టించుకుంటే వీధిలో కరెంటు పోయినప్పుడు ఇదీ ఆగిపోద్ది. ఎండ మండిపోతున్నా సరే. మన కరెంటు వీధి లైన్లోకి పోయి తీగమీద పనిచేసేవాడికి తగిలితే ప్రాణం పోద్ది కదా, అందుకని ప్యానెళ్ళ కరెంటును ఇంటికి పనికొచ్చేట్టు మార్చే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోద్ది."

"అలాగా," అంది రంగులక్క. ఆ మాట ఆమె చెవిన పడింది. పడలేదని తర్వాత ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకోబోయినా మనసు ఒప్పుకోలేదు.

అంతా అయ్యాక ఆయన తల గోక్కున్నాడు. "బాగుంది కానీ, అందరి బ్యానర్లూ ఇట్లాగే ఉంటాయి. ఎవరు ఆగి చూస్తారు?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఆయన వెళ్ళాక ప్రాంప్టులో ఇంకో రెండు ముక్కలు కలిపింది: ఈ ఇంటి వరండాలో ఫ్యాను తిరుగుతుండాలి, పక్కింటివాళ్ళు పేపర్లతో విసురుకుంటూ ఇటే చూస్తుండాలి. బొమ్మ దివ్యంగా వచ్చింది. కింద పెద్దక్షరాలతో తనే ఒక వాక్యం పెట్టింది: ఊరంతా కరెంటు పోయినా మీ ఇంట్లో గాలి ఆగదు! చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బొమ్మే కదా అనుకుంది. ఫోన్లో పంపింది. ఆయన ఎవరి డాబామీదో ఎండలో కళ్ళు చికిలించుకుని చూసి, "సూపర్ అక్కా, కొట్టించెయ్" అన్నాడు. బస్టాపు దగ్గర ఒకటి, ఆసుపత్రి మలుపులో ఒకటి కట్టారు.

రెండు నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం షాపులోకి ఒక పెద్దావిడ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. బట్టలు కుట్టే మనిషని చూడగానే తెలుస్తోంది.

"అమ్మాయ్, ఆ సోలార్ బ్యానర్ మీరేనా చేసింది?"

"నేనేనమ్మా. చెప్పండి."

"అందులో ఉన్న కుటుంబం ఎక్కడుంటారు? వాళ్ళ ఇల్లు చెప్పు తల్లీ, ఒక్కసారి పోయి కలుస్తా."

రంగులక్కకు అర్థం కాలేదు. "ఎందుకమ్మా?"

"కరెంటు పోయినా వాళ్ళింట్లో ఫ్యాను ఎట్లా తిరుగుతోందో అడుగుదామని. మా ఇంట్లో ఆగిపోయింది. మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు పోయాయి. ఆక్సిజన్ మిషను పెట్టుకునే ఉంటాడు. కరెంటు పోయినప్పుడల్లా సిలిండర్ తెచ్చి తగిలించలేక నా ప్రాణం పోయేది. బ్యానర్ చూసి, ఇట్లాంటిదే కావాలని పెట్టించుకున్నా. పోయిన వారం మిట్టమధ్యాహ్నం లైను పోయింది. మిషను ఆగింది. ఎండ దంచేస్తోంది కదా, ఇప్పుడే వస్తుందిలే, ఇప్పుడే వస్తుందిలే అని చూస్తూ కూర్చున్నా. సిలిండర్ ఎదురుగానే ఉందమ్మా. నేనే తగిలించలేదు. పెదాలు నల్లబడ్డాక గాని కదల్లేదు."

"ఇప్పుడు ఎలా ఉన్నారు?" అంది రంగులక్క.

"ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. నేనేదో తప్పు మీట నొక్కి ఉంటా. అందుకే వాళ్ళని అడుగుదామని."

రంగులక్క కళ్ళు దించుకుంది. "వాళ్ళు... ఈ ఊరివాళ్ళు కాదమ్మా," అంది.

పెద్దావిడ తల ఊపి, టేపు సర్దుకుని, ఎండలోకి దిగిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా కూడా రంగులక్క ఆగలేకపోయింది. మొదటి అబద్ధం తెలిసి రాసింది. రెండోది ఎదురుగా నిలబడిన మనిషి ముఖంమీదే చెప్పింది. కంప్యూటర్ అలాగే వదిలేసి, ఫోన్ చేసి, సోలారాయన ఉన్న చోటికి ఆటో ఎక్కింది.

డాబా మెట్లమీదే నిలబెట్టి మొత్తం చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"బ్యానర్లో ఉన్నట్టే కావాలంది అక్కా. ప్యానెళ్ళ సంగతనుకున్నా. లోపల గదిలో జబ్బు మనిషి ఉన్నాడా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు." అంతలోనే, "నువ్వు అట్లా ఎందుకు రాశావ్? నీకు చెప్పానుగా!" అని అరిచాడు.

"చెప్పావన్నా. తెలిసే రాశా."

ఆయన ఫోన్ తీసి ఆ బొమ్మని ఇప్పుడు, నీడలో నిలబడి, మొదటిసారి సరిగ్గా చదివాడు.

సాయంత్రంలోగా ఇద్దరూ బ్యానర్లు రెండూ కోసి కింద పడేశారు. మర్నాడు ఉదయం పెద్దావిడ ఇంటికి వెళ్ళారు. ముందు గది నిండా సగం కుట్టిన జాకెట్లు. లోపలిగదిలో మిషను గుర్రుమంటోంది. డ్రైవరు దిండ్లకు ఆనుకుని, ముక్కుకు గొట్టంతో వచ్చినవాళ్ళను చూశాడు.

రంగులక్క గుమ్మంలోనే ఆగింది. "అమ్మా, నిన్న నేను అబద్ధం చెప్పాను. ఆ కుటుంబం ఏ ఊళ్ళోనూ లేదు. కంప్యూటర్ గీసిన బొమ్మ. ఆ మాట రాసింది నేనే. బ్యాటరీ లేకపోతే ఆగిపోతుందని తెలిసే రాశాను. మీరు ఏ మీటా తప్పు నొక్కలేదు."

"ఐదు రోజులూ నన్ను నేనే తిట్టుకున్నానమ్మా," అంది పెద్దావిడ. అంతే. కూర్చోమనలేదు.

సోలారాయన పాత ఇన్వర్టర్ విప్పి, బ్యాటరీతో నడిచే రకాన్ని బిగించాడు. ఆక్సిజన్ మిషనుకూ, ఆ గది ఫ్యానుకూ వేరే లైను లాగాడు. ఆ ఖర్చు తన వంతు అని ఆయనే ఒప్పుకున్నాడు. పరీక్షించడానికి వీధి కరెంటు వచ్చే మెయిన్ మీట ఆపేశాడు. ముందుగదిలో కుట్టుమిషను లైటు ఆరింది. లోపల గుర్రుమనే చప్పుడు మాత్రం ఆగలేదు.

"అయినా సిలిండర్ పక్కనే ఉంచుకోవాలమ్మా. బ్యాటరీ కొన్ని గంటలే," అన్నాడు సోలారాయన.

డ్రైవరు గొట్టం సర్దుకుంటూ రంగులక్కవైపు చూశాడు. "బొమ్మలో మా ఇంటావిడ కంటే అందంగా ఉందటగా ఆ ఇల్లాలు?" అన్నాడు ఆయాసపడుతూ.

ఆయన నవ్వించాలనే అన్నాడు. రంగులక్కకు ఏడుపొచ్చింది. "లేదు బాబాయ్," అంది. పెద్దావిడ అప్పటికే వీపు తిప్పి, ఆగిన పని ముందేసుకుని, ఆరిన లైటు కింద సూదిలోకి దారం ఎక్కిస్తోంది. రంగులక్క కొంచెంసేపు అలాగే నిలబడింది. "వెళ్ళొస్తానమ్మా" అంది. పెద్దావిడ దారం కొస పంటితో కొరికింది. క్షమించమని అడగడానికి తనకు హక్కు లేదనుకుని మెట్లు దిగింది.