తాత కంట్లో పొర

మా తాత వరహాలు అబద్ధం ఆడడని అక్కుపల్లిలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఏడాదిగా ఆయన నాతోనూ నాన్నతోనూ పచ్చి అబద్ధాలు చెబుతూనే ఉన్నాడు. పడవలకు పెట్టే దీపాల చుట్టూ గుండ్రాలు కనబడుతున్నాయంటాడు, మంచు పట్టిందంటాడు. మండు వేసవిలో మంచేమిటి తాతా అంటే కోపం తెచ్చుకుంటాడు. మిట్టమధ్యాహ్నం ఎండలోకి రాడు. నా తెల్ల చున్నీని పట్టుకుని పసుపు రంగు బాగుందన్నాడు. వల బాగుచేయడంలో మా ఊళ్లో ఆయనంతటివాడు లేడు, అలాంటిది ఈ మధ్య ముడులు వేళ్లతో తడిమి వేస్తున్నాడు. అవి ఊడిపోతే నూలు మంచిది కాదంటాడు.

ఒకరోజు పొద్దున్న ఒడ్డున ఎవరో కొత్త మనిషి చేపలు కొనడానికి వస్తే, తాత వెళ్లి ఆ మనిషి చేయి పట్టుకుని, "కామేశూ, బేగి ఇంటికి పద, గంజి సల్లారిపోతంది" అన్నాడు. కామేశ్ మా నాన్న. ఆయన పది బారల దూరంలో నిలబడి వల దులుపుకుంటున్నాడు. అందరూ నవ్వారు, తాత కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం గోడకేసి తిరిగి పడుకున్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. పక్కన కూర్చుని కసిరాను. "ఎన్నాళ్ల నుంచి కనపడటం లేదు? నిజం సెప్పు."

తాత గోడకేసి తిరిగే మెల్లగా అన్నాడు. "ఓలే ఉమా, మీ నాయనమ్మకీ ఆఖర్న సూపు ఇలాగే మసకేసింది గదే."

అప్పుడు నాకు అర్థమైంది. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఒంట్లో ఏం నలతగా ఉన్నా ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. మా నాయనమ్మ నాగమణిని తీసుకెళ్లింది కూడా అదే. పలాసలో డయాలసిస్ మంచం పక్కన తాత ఎన్ని ఉదయాలు కూర్చున్నాడో ఆయనకే తెలుసు. కంటికి మసక రాగానే తనకూ అదే మొదలైందని ఆయన తీర్పు ఇచ్చేసుకున్నాడు. ఎవరికైనా చెబితే రక్తం తీస్తారు, తీస్తే తెలిసిపోతుంది. తెలియకపోతే ఇంట్లో ఇంకొన్నాళ్లు నిమ్మళంగా ఉంటామని ఆయన లెక్క. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మా బడిలో కంటి క్యాంపు పెట్టినప్పుడు చుక్కల మందు ఇచ్చి పంపేస్తారని చెప్పి తీసుకెళ్లాను. అబద్ధమే, ఆ విద్య ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అక్షరాలు రాని వాళ్లకు పెట్టే గుర్తుల చార్టులో కుడికంటితో అన్నిటికన్నా పెద్ద గుర్తు కూడా చెప్పలేకపోయాడు. డాక్టరమ్మ టార్చి వేసి చూసి నన్ను పిలిచింది. నల్లగుడ్డు నడుమ, నల్లగా ఉండాల్సిన చోట, బూడిద రంగు కనిపించింది.

"శుక్లం తాతా. కంటి లోపల అద్దం లాంటి బిళ్ల ఉంటుంది. వయసుతో అది మసకబారింది. మందులతో పోదు. తీసేసి కొత్త బిళ్ల పెట్టాలి."

"అంటే... కిడ్నీ కాదేటమ్మా?"

"దానికీ దీనికీ సంబంధం లేదు."

తాత నవ్వడం మొదలుపెట్టాడు. నోట్లో మిగిలిన పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "సేయించీసుకుంతాను. రేపే సేసీమను" అన్నాడు.

ఆ హుషారు టెక్కలి ఆసుపత్రిలో నర్సు సూది తీసేదాకానే. ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగరు చూస్తారు. కంటి నీరు దిగే దారి తెరిచి ఉందో లేదో తెలుసుకోవడానికి కంటి మూలలోంచి ఉప్పునీరు పంపిస్తారు, అది గొంతులోకి దిగి ఉప్పగా తగలాలి. ఏ పవరు బిళ్ల పెట్టాలో తేల్చడానికి కంటి పొడవు కొలుస్తారు. ఇవన్నీ తాత బుద్ధిగా చేయించుకున్నాడు. రక్తం దగ్గర నర్సు, "ఉద్దానం వాళ్లు కదా, క్రియాటినిన్ కూడా చూసేద్దాం" అంది. అది కిడ్నీల పరీక్షని తెలిసిన తాత చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఇంటికెళ్లిపోదారే" అన్నాడు.

నేను బతిమాలాను, తిట్టాను. వినలేదు. మాతో వచ్చిన నాన్న మాత్రం పక్కన కూర్చుని, "అయ్యా, నా మొకం నీకు కనపడతందేటి?" అని అడిగాడు.

తాత ఆ ముఖంలోకి చాలాసేపు చూశాడు. "నేదురా" అన్నాడు. తరువాత తనంతట తానే చేయి చాపాడు.

రిపోర్టు వచ్చింది. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. తాత సంతోషించలేదు. బల్ల మీద కూర్చుని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "మీ నాయనమ్మా నానూ ఒకే నుయ్యి నీరు తాగినాం. దానికే ఎందుకొచ్చినాది?" అన్నాడు.

మర్నాడు కుడికంటికి ఆపరేషన్. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేశారు, కంటి పక్కన మత్తు సూది ఇచ్చారు. మనిషి మెలకువగానే ఉంటాడు. చిన్న కోత పెట్టి, ముదిరిన బిళ్లను ముక్కలు చేసి బయటికి లాగేసి, మడత పెట్టిన కొత్త బిళ్లను లోపలికి పంపితే అది విచ్చుకుంటుందట. తాత చెప్పిన వైనం వేరు. ఏవో రంగు వెలుగులు ఆడాయట, యంత్రం గుయ్యిమందట, డాక్టరమ్మ ఎవరితోనో కూరల సంగతి మాట్లాడిందట. "నా కన్ను తెరిసి ఒంకాయ గురించి మాటాడినాదే!" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

మర్నాడు నాన్న వేటకు వెళ్లిన వేళ కట్టు విప్పారు. ముందు నీళ్లు కారాయి. తరువాత ఆ కన్ను గదంతా తిరిగింది. పక్క దుప్పటి చూసి, "ఇంత తెల్లగుంతదేటి!" అన్నాడు. నా మొటిమలు చూసి బాధపడ్డాడు. నర్సు జాగ్రత్తలు చెప్పింది. కన్ను నలపకూడదు, వంగకూడదు, తలస్నానం వద్దు, సముద్రపు నీరు తగలనివ్వకూడదు, రాత్రి కంటి మీద ప్లాస్టిక్ డిప్ప పెట్టుకుని పడుకోవాలి, చుక్కలు మానకూడదు. ఎడమకన్ను కొన్నాళ్లాగి చేస్తామంది.

ఆ రాత్రి మా ఇంట్లో పండగే. పొద్దున్నే నేను చుక్కలు వేస్తుంటే నాన్న అప్పుడే లేచి గుమ్మంలోకి వచ్చాడు. తాత నా చేయి పక్కకు నెట్టాడు.

"ఇలా రారా కామేశూ. ఎలుగులో నిలబడు."

నాన్న నిలబడ్డాడు. తాత నాన్న గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. కళ్ల కింద వేలు పెట్టి నొక్కాడు. వంగవద్దని నేను అరుస్తున్నా వినకుండా వంగి, నాన్న చీలమండ మీద బొటనవేలు అదిమాడు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. నాన్న ముఖం ఉబ్బి ఉంది. రోజూ కళ్లెదుట తిరిగే ముఖం, నేను చూడనే లేదు. నాయనమ్మకూ ఇలాగే నీరు పట్టింది.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాడు తాత.

"ఏటీ నేదు అయ్యా. నిద్ర సాలక."

"నానూ ఇన్నాళ్లూ ఇలాగే గదరా సెప్పినాను."

తాత నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. నాన్న మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పలాసకు ఆటో పిలవమని నాకు చెప్పాడు.

"బయం నేదురా" అన్నాడు. "ముందుగా సూసినాం. మీ అమ్మకి సూసేటోడు నేకపోయినాడు."